ఆశపడ్డామా, నమ్ముకున్నామా?

సందేహం: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడి మార్కెట్లో 12 ఏళ్లుగా రిజిస్ట్రేషన్ వరసలో దుకాణాలు రెన్యువల్ చేసేవారు. ఈసారి మాట మాత్రమైనా చెప్పకుండా లాటరీ తీశారు. కోర్టుకు వెళ్లే ముందు మా దుకాణదారుల సంఘం సభ్యులకు తెలుగులో నోట్ రాస్తున్నాను. లెజిటిమేట్ ఎక్స్‌పెక్టేషన్ అనే న్యాయసూత్రాన్ని ‘చట్టబద్ధమైన అపేక్ష’ అనీ, అన్‌రీజనబుల్‌నెస్‌ను ‘అన్యాయం’ అనీ రాశాను. సరేనా?

సమాధానం: ‘అపేక్ష’తో మీ ఊళ్లో చిక్కే. ఒడియాలో అపేక్ష అంటే వేచి ఉండటం. మన ధనాపేక్షలో అది కోరిక. దీర్ఘం పెట్టి ‘ఆపేక్ష’ అంటే ప్రేమ! సభ్యులు ఏదనుకుంటారో చెప్పలేం.

‘చట్టబద్ధమైన’ అన్నది ఇంకా పెద్ద పొరపాటు. చట్టమే ఇచ్చి ఉంటే అది హక్కే అవుతుంది, ఈ సూత్రంతో పని లేదు. హక్కు లేకపోయినా, అధికారి ఇచ్చిన మాటో ఏళ్ల తరబడి నడిపిన పద్ధతో చూసి మనం దాని మీదే ఆధారపడి ఉంటే, అప్పుడు ఇది పనికొస్తుంది. దీనికి తెలుగులో చక్కని క్రియ ఉంది: నమ్ముకోవడం. ఆశ ఎవరైనా పడొచ్చు, లాటరీ టికెట్ కొన్నవాడూ పడతాడు. నమ్ముకోవాలంటే అవతల ఏదో ఒక ఆధారం ఉండాలి. అందుకే నేనైతే ‘న్యాయసమ్మతమైన నమ్మకం’ అంటాను.

1992లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన నవజ్యోతి కేసు మీ కథలాంటిదే. ఢిల్లీలో ఇళ్ల సహకార సంఘాలకు స్థలాలు ఇచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ తేదీని బట్టి సీనియారిటీ చూసేవారు. తర్వాత దాన్ని పక్కనబెట్టి, సభ్యుల తుది జాబితా ఆమోదం పొందిన తేదీని పట్టుకున్నారు. పాత పద్ధతిని నమ్ముకున్న సంఘాలకు ముందుగా తెలియజేసి, వాళ్ల వాదన వినాల్సిందని కోర్టు అంది. మీరూ ప్రధానంగా అడగాల్సింది అదే, ‘మా మాట వినండి’ అని. దుకాణం ఇచ్చి తీరాలని కోర్టు చెబుతుందనుకోకండి. ప్రజాప్రయోజనం కోసమే పద్ధతి మార్చామని అధికారులు చూపగలిగితే మీ నమ్మకం పక్కకు పోవచ్చు కూడా.

ఇక ‘అన్యాయం’. మనకు నచ్చని ప్రతిదాన్నీ అన్యాయమనే అంటాం. కోర్టు అడిగేది అది కాదు. బుద్ధి ఉన్న ఏ అధికారీ తీసుకోలేనంత తలాతోకా లేని నిర్ణయమా అని చూస్తుంది. 1947 నాటి ఇంగ్లండు వెడ్నెస్‌బరీ కేసులో న్యాయమూర్తి లార్డ్ గ్రీన్ ఎర్రజుట్టు ఉందని టీచర్ ఉద్యోగం తీసేయడాన్ని ఉదాహరణగా చెప్పారు. ఆ కేసు వేసిన సినిమాహాలువాళ్లు మాత్రం ఓడిపోయారు. ఆదివారాలు 15 ఏళ్లలోపు పిల్లలను రానివ్వకూడదన్న షరతు అంత అడ్డగోలుది కాదని తేలింది. కాబట్టి ‘అహేతుకం’ అనండి, అదీ అవసరమైతేనే. మీ విషయంలో లాటరీ నచ్చకపోవచ్చు గానీ తలాతోకా లేనిది కాదు, దుకాణాలు పంచడానికి అదీ ఒక పద్ధతే. చెప్పకుండా తీయడమే మీ ఫిర్యాదు.

నోట్‌లో రెండో మాట కొట్టేసి, 12 ఏళ్ల రెన్యువల్ రసీదులు వరసగా జత చేయండి.