చిక్‌పేట బాకీకి కిస్తుల ఉత్తరం ఎలా రాయాలంటే

అబ్బాయ్,

నీ బట్టల కొట్టు పాత బాకీ గురించి బెంగళూరు చిక్‌పేట హోల్‌సేల్ ఆయనకి రాసి నిన్న ఫోన్లో చదివి వినిపించావే, ఆ ఉత్తరం పంపొద్దు. వ్యాపారం డల్‌గా ఉంది, కొంచెం టైమ్ ఇవ్వండి, మీరే పెద్దమనసు చేసుకోవాలి అని పేజీన్నర రాశావు గానీ, ఎంత ఇస్తావో ఏ తారీఖుకి ఇస్తావో ఒక్క లైనులోనూ లేదు. చిక్‌పేటలో హోల్‌సేల్ చేసేవాడికి అలాంటి మాటలు రోజూ వినేవే.

ముందు ఆయన కొట్టుకి వెళ్ళి ఖాతా సరిచూసుకో. ఆయన 2,52,600 అంటున్నాడు, నీ పుస్తకంలో 2,40,000 ఉంది. దసరాకి తెచ్చిన పిల్లల డ్రెస్సుల్లో సైజులు తప్పాయని వెనక్కి పంపావు కదా, ఆ 12,600కి క్రెడిట్ నోట్ రాలేదు, తేడా అంతా అక్కడే. అది తేలాకే సంతకం పెట్టు. ఎందుకంటే బాకీ ఉన్నానని గడువులోపల రాసి సంతకం పెడితే, కోర్టుకి వెళ్ళడానికి ఆయనకున్న మూడేళ్ళ గడువు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది. అందుకని బాకీ ఎగ్గొట్టమని కాదు, ఒప్పుకునే అంకె కరెక్టుగా ఉండాలని చెప్తున్నా.

ఇక వడ్డీ. నూటికి రూపాయి చొప్పున ఇస్తానంటున్నావు, బాగానే ఉంది. కానీ దేని మీద రూపాయి? మొదటి అసలు మీదే పన్నెండు నెలలూ లెక్క కడితే వడ్డీ 28,800, నెలకి 22,400 కట్టాలి. కట్టిన కొద్దీ తగ్గే బాకీ మీద లెక్క కడితే కిస్తు 21,324, వడ్డీ మొత్తం 15,900 లోపే. మొదటి నెలలో 2,400 వడ్డీకి, 18,924 అసలుకి పోతుంది, బాకీ 2,21,076కి దిగుతుంది. రెండో నెల వడ్డీ దాని మీదే, 2,211. రెండు పద్ధతులకీ పేరు రూపాయి వడ్డీయే, తేడా మాత్రం దాదాపు పదమూడు వేలు! అందుకే ఉత్తరంలో "మిగిలిన బాకీ మీద" అన్న మాట ఖచ్చితంగా ఉండాలి, వెనకాల పన్నెండు నెలల టేబుల్ జతచెయ్యి.

కిస్తు ఎంత మోయగలవో దీపావళి గల్లా చూసి చెప్పకు, ఆషాఢం గల్లా చూసి చెప్పు. అద్దె, జీతాలు, ఇంటి ఖర్చు పోను ఆ నెలలో ముప్ఫై వేలు మిగులుతాయన్నావు కాబట్టి ఇది కట్టగలవు. మిగలకపోతే పద్దెనిమిది నెలలు అడుగు, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఆయన మనవాడే కాబట్టి తెలుగులోనే రాయి, ఇలా:

"అయ్యా, మీ ఖాతాలో నేను చెల్లించాల్సిన పాత బాకీ, వాపసు సరుకు పోను, రూ. 2,40,000. బిల్లుల లిస్టు జతచేశాను. దీన్ని మిగిలిన బాకీ మీద నెలకు నూటికి రూపాయి వడ్డీతో 12 సమాన కిస్తులుగా, నెలకు రూ. 21,324 చొప్పున, వచ్చే నెల నుంచి ప్రతి 10వ తేదీకి చెల్లిస్తాను. ముందే తీర్చేస్తే అప్పటివరకు అయిన వడ్డీ మాత్రమే తీసుకోగలరు. ఇకమీద తీసుకునే సరుకుకి అప్పటికప్పుడే డబ్బు ఇస్తాను. మీకు సమ్మతమైతే రెండో కాపీ మీద సంతకం చేసి ఇవ్వగలరు."

10వ తేదీ అని ఊరికే రాయలేదు. నేను ఒకప్పుడు ఒకాయనకి పన్నెండు చెక్కులూ 1వ తేదీతో ఇచ్చాను, అద్దె, జీతాలు అదే వారం పోతాయన్న ఆలోచన లేకుండా. మూడో చెక్కు బౌన్స్ అయింది, లాయర్ నోటీసు ఇంటికొచ్చింది, మీ పిన్ని చేతికే. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టేశాను కాబట్టి కేసు దాకా పోలేదు. నువ్వు చెక్కులు ఇవ్వాల్సి వస్తే మూడేసి నెలలకే ఇవ్వు, నంబర్లు ఉత్తరంలో రాయి.

కొత్త సరుకుకి కట్టే డబ్బు, కిస్తు డబ్బు కలిపి పంపకు. విడివిడిగా పంపి, యూపీఐలో "పాత బాకీ, 1వ కిస్తు" అని రాయి. కట్టేవాడు ఇది ఫలానా బాకీకి అని చెప్పి కడితే తీసుకున్నవాడు దానికే జమ వెయ్యాలి, చెప్పకపోతే ఎందులో వేసుకోవాలన్నది ఆయన ఇష్టం. మూడు నెలలయ్యాక నువ్వు కిస్తులు కట్టాననీ, ఆయన అది కొత్త బిల్లులకి పోయిందనీ గొడవ పడేది ఇక్కడే.

మీ ఆడిటర్‌కి కూడా ఈ టేబుల్ చూపించు. బిల్లు తేదీ నుంచి 180 రోజులు దాటినా డబ్బు కట్టకపోతే, కట్టని మేరకు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ని వడ్డీతో వెనక్కి ఇవ్వాలి, బాకీ తీర్చాక ఆ క్రెడిట్ మళ్ళీ తీసుకోవచ్చు. కానీ మధ్యలో ఆ డబ్బు నీ జేబులోంచే పోవాలి, అది కూడా చూసుకునే కిస్తు ఖాయం చెయ్యి.

శనివారం సాయంత్రం నేను అవెన్యూ రోడ్డు వైపు వస్తున్నా. టైప్ చేయించి రెండు కాపీలు పట్టుకురా, ఇద్దరం కలిసే ఆయన దగ్గరికి వెళ్దాం.

మీ బాబాయి