ఎర్ర కార్డు మీద తెల్ల అంచు: ట్రయల్‌లో తప్పింది ఎక్కడ?

*"సార్, బీకాం అయిపోయింది. డాబా గార్డెన్స్‌లో ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్ పనికి ట్రయల్ ఇచ్చారు. పూర్ణా మార్కెట్లో ధాన్యం దుకాణం వాళ్ల పాత బిల్లు ఇచ్చి, దాని మీదున్న నల్ల పేరూ లోగో తీసి ఎర్ర విజిటింగ్ కార్డు మీద పెట్టమన్నారు. ఫొటోషాప్‌లో Color Range తో సెలెక్ట్ చేసి Ctrl+J కొట్టాను. అక్షరాల చుట్టూ తెల్లగా అంచు వస్తోంది. తెల్ల కార్డు మీద పెడితే అంచు కనపడటం లేదు గానీ అక్షరాలు సన్నబడిపోయాయి. 'మళ్లీ చేసి తీసుకురా' అన్నారు. నాలుగు రోజులు టైముంది. ఈ లైన్ నాకు సరిపడుతుందా, లేక బ్యాంకు కోచింగ్‌కి వెళ్లిపోనా?" — మద్దిలపాలెం నుంచి ఒక విద్యార్థిని*

బ్యాంకు కోచింగ్ సంగతి చివర్లో చూద్దాం. మీరు సెలెక్ట్ చేసిన తీరులో పెద్ద తప్పు లేదు. తప్పంతా Ctrl+J దగ్గర జరిగింది. తెల్ల అంచు, సన్నబడటం అని మీరు రెండు జబ్బులు చెప్పారు గానీ, రెండింటికీ మూలం ఒకటే.

స్కాన్‌లో అక్షరం మధ్యలో నలుపు, బయట తెలుపు ఉంటాయి. ఈ రెంటి మధ్య అంచులో ఒకటి రెండు పిక్సెళ్ల మేర బూడిద రంగు ఉంటుంది. ఆ బూడిద వేరే సిరా కాదు, సగం సిరా సగం కాగితం కలిసి ఒకే పిక్సెల్‌లో పడటం వల్ల వచ్చింది. Color Range ఆ పిక్సెల్‌ని సగమే సెలెక్ట్ చేస్తుంది, అక్కడిదాకా బాగానే ఉంది. Ctrl+J కొట్టగానే ఆ పిక్సెల్ సగం పారదర్శకంగా కొత్త లేయర్‌లోకి వస్తుంది, కానీ దాని రంగు మాత్రం బూడిదగానే ఉండిపోతుంది. అంటే కాగితపు తెలుపు ఆ రంగులో దాక్కుని మీ వెంట వచ్చేసింది.

లెక్క వేసి చూడండి. నలుపు 0, తెలుపు 255 అనే కొలతలో అంచు పిక్సెల్ విలువ 128, సెలెక్షన్ 50 శాతం అనుకుందాం. తెల్ల కార్డు మీద పెడితే 128లో సగం 64, తెలుపు 255లో సగం 127, మొత్తం 191. అసలు స్కాన్‌లో అక్కడ ఉన్నది 128. అంచు అంత పాలిపోయింది కాబట్టి అక్షరం సన్నగా కనపడింది. ఇప్పుడు ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 30 ఉన్న ఎర్ర కార్డు మీద పెట్టండి. ఆకుపచ్చ, నీలం రెండూ 64కి 15 కలిసి 79 అవుతాయి. కార్డులో అవి 30, అక్షరంలో 0. ఆ రెంటి మధ్య ఉండాల్సిన అంచు రెంటినీ దాటి పైకి పోయింది. మీకు కనపడే తెల్ల గీత అదే.

అదే పిక్సెల్ 50 శాతం పారదర్శకతతో, బూడిద కాకుండా నికార్సైన నలుపై ఉంటే? తెల్ల కార్డు మీద 0కి 127 కలిసి, స్కాన్‌లో ఉన్న 128కి దాదాపు సరిపోతుంది. ఎర్ర కార్డు మీద ఆకుపచ్చ, నీలం 15 దగ్గర, కార్డుకీ అక్షరానికీ సరిగ్గా మధ్యలో ఆగుతాయి. కాబట్టి స్కాన్ నుంచి ఆకారం మాత్రమే తీసుకోవాలి, రంగు మనమే పోయాలి.

ఇక పని మొదటి నుంచి చేద్దాం. ముందు బిల్లుని మళ్లీ స్కాన్ చేయండి. ఫోన్‌తో తీసిన ఫొటో వద్దు, ఒక మూల నీడ పడితే Color Range ఆ నీడని కూడా సిరా అనుకుంటుంది. 600 డీపీఐలో, కలర్‌లో చేయండి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో షార్ప్‌నెస్, ఆటో కరెక్షన్ తీసేయండి. బ్లాక్ అండ్ వైట్ అనే మోడ్ అసలు వాడొద్దు, అది అంచులోని బూడిదని కొట్టేసి అక్షరాన్ని మెట్లు మెట్లుగా చేస్తుంది. జేపెగ్‌గా కాకుండా టిఫ్ లేదా పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపెగ్ నల్ల అక్షరం చుట్టూ సన్నని మచ్చలు వదులుతుంది, తర్వాత వాటిని ఏరలేక చస్తారు. బిల్లు కాగితం పల్చన కాబట్టి వెనక అచ్చు ముందుకి కనపడుతుంది. కాగితం వెనక ఒక నల్ల అట్ట పెట్టి స్కాన్ చేస్తే అది చాలావరకు పోతుంది. కాగితం మొత్తం కాస్త మసకబారుతుంది, దాన్ని Levels లో సరిచేసుకోవచ్చు.

ఫైల్ తెరిచి F8 కొడితే Info ప్యానెల్ వస్తుంది. కర్సర్‌ని ఖాళీ కాగితం మీద నాలుగైదు చోట్ల, దట్టమైన అక్షరం మధ్యలో నాలుగైదు చోట్ల తిప్పి విలువలు చూడండి. కాగితం 228 నుంచి 238, సిరా 35 నుంచి 50 వచ్చిందనుకోండి. Ctrl+L కొట్టి Levels లో తెల్ల స్లైడర్‌ని 225కి, నల్ల స్లైడర్‌ని 50కి జరపండి. కాగితమంతా 255కి, సిరా 0కి చేరతాయి. Color Range చూసేది మీరు క్లిక్ చేసిన రంగుకి ప్రతి పిక్సెల్ ఎంత దూరంలో ఉందనే కాబట్టి, ఈ ఎడం పెరిగితే సగం పని అయినట్టే.

ఇప్పుడు Select > Color Range తెరవండి. పైన Sampled Colors ఉండాలి, Localized Color Clusters టిక్ తీసేయాలి. లేకపోతే క్లిక్ చేసిన చోటికి దూరంగా ఉన్న అక్షరాలు వదిలేస్తుంది. దట్టమైన అక్షరం మధ్యలో క్లిక్ చేయండి. చిన్న ప్రివ్యూలో తెల్లగా కనపడేది సెలెక్ట్ అయినది, నల్లగా ఉన్నది కానిది, బూడిదగా ఉన్నది సగం అయినది. క్లిక్ చేసిన రంగుకి ఎంత దూరపు రంగుల్ని కూడా కలుపుకోవాలో Fuzziness చెబుతుంది, దాన్ని 40 దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. అక్షరం లోపల పూర్తి తెలుపు, కాగితం పూర్తి నలుపు, అంచు మాత్రం బూడిద అయిన చోట ఆపాలి. ఆ అంకె స్కాన్‌ని బట్టి మారుతుంది, ఇంకొకరి అంకెని బట్టీ పట్టి లాభం లేదు.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. సిరా సరిగా పడని పాలిపోయిన అక్షరం రాలేదని Fuzziness ని 180 దాకా లాగేస్తారు. దాంతో కాగితం మీది దుమ్ము కూడా వచ్చేస్తుంది. దానికి బదులు Shift పట్టుకుని ఆ పాలిపోయిన అక్షరం మీద ఇంకో క్లిక్ చేయండి, ఆ రంగు కూడా జాబితాలో చేరుతుంది. అలాగే పేరు మీద ఊదా రంగు రబ్బరు స్టాంపు పడి ఉంటే, Alt పట్టుకుని ఆ ఊదా మీద క్లిక్ చేస్తే అది తీసివేతకి వెళ్తుంది. మామూలు నలుపు తెలుపు స్కాన్‌కి వేరే దగ్గరి దారులున్నా, ఇలాంటి బిల్లులకి Color Range వాడేది ఇందుకే. స్టాంపు గీత అక్షరాన్ని దాటిన చోట మాత్రం కాస్త చేత్తో దిద్దక తప్పదు.

OK కొట్టాక తెర మీద కదిలే చుక్కల గీత చూసి "అంచు రాలేదే" అనుకోకండి. ఆ గీత 50 శాతానికి మించి సెలెక్ట్ అయిన పిక్సెళ్ల చుట్టూనే కనపడుతుంది. అంతకు తక్కువ ఉన్నవీ సెలెక్షన్‌లో ఉంటాయి.

Ctrl+J వద్దు. సెలెక్షన్ అలాగే ఉండగా Layer > New Fill Layer > Solid Color కి వెళ్లి నలుపు ఎంచుకోండి. సెలెక్షన్ దానంతటదే మాస్క్‌గా, అంటే ఆ నలుపు ఎక్కడ కనపడాలో చెప్పే పొరగా మారిపోతుంది. కింద స్కాన్ లేయర్ కన్ను మూసి, కార్డు ఎరుపుతో ఒక లేయర్‌ని ఈ నల్ల లేయర్ కింద పెట్టి చూడండి. తెల్ల గీత ఉండదు. రేపు దుకాణదారు "బంగారు రంగు చేయండి" అన్నా, లేయర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కి రంగు మారిస్తే సరిపోతుంది.

మిగిలింది దుమ్ము. Alt పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే అదొక్కటే తెర నిండా కనపడుతుంది. దానికే Ctrl+L ఇచ్చి నల్ల స్లైడర్ కొద్దిగా లోపలికి జరిపితే మసక మరకలు పోతాయి, మిగిలిన చుక్కల్ని నల్ల బ్రష్‌తో చెరపండి. Dust & Scratches ఫిల్టర్ జోలికి మాత్రం తెలుగు అక్షరాల మీద వెళ్లొద్దు. దానికి దుమ్ము చుక్కకీ ఠ కడుపులోని చుక్కకీ తేడా తెలియదు. ఆ చుక్క పోతే ఠ కాస్తా ర అయి కూర్చుంటుంది. ధ కింద ఉండే చిన్న గీత తెగితే ధాన్యం 'దాన్యం' అవుతుంది. డిజైన్ ఎంత బాగున్నా దుకాణదారు ముందు చూసేది తన పేరే. అందుకే శుభ్రం చేశాక 200 శాతం జూమ్‌లో, పక్కన అసలు బిల్లు పెట్టుకుని, ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ సరిచూడండి.

ఇంట్లో ఫొటోషాప్ లేకపోతే ఉచితంగా దొరికే గింప్‌లో Colors > Color to Alpha ఉంది. అది తెలుపుని పారదర్శకం చేస్తూనే, మిగిలిన రంగులో కలిసున్న తెలుపుని కూడా లెక్కగట్టి తీసేస్తుంది. కాబట్టి అంచు సమస్య రాదు. కానీ Levels తో కాగితాన్ని ముందే 255కి తేకపోతే కార్డు మీద పల్చటి తెర మిగిలిపోతుంది.

ఇలా కత్తిరించి తీసిన పేరు ఎంత సైజు దాకా పనికొస్తుందో కూడా షాపువాళ్లు మిమ్మల్ని అడగొచ్చు. బిల్లు మీద పేరు 6 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 600 డీపీఐలో సుమారు 1417 పిక్సెళ్లు వస్తాయి. 300 డీపీఐ ప్రింటుకి 12 సెంటీమీటర్ల దాకా సరిపోతుంది, కార్డుకీ లెటర్‌ప్యాడ్‌కీ ఇది చాలు. అదే ఫైల్‌ని నాలుగడుగుల బోర్డుకి సాగదీస్తే అంగుళానికి 30 పిక్సెళ్లే మిగులుతాయి. అప్పుడు ఇలా కత్తిరించింది పనికిరాదు, కోరల్‌డ్రాలో పెన్‌తో గీతలుగా మళ్లీ గీయాల్సిందే. ఆటో ట్రేస్‌ని నమ్ముకుంటే తెలుగు ఒత్తుల మూలలు గుండ్రంగా కరిగిపోతాయి.

ఈ లైన్ మీకు సరిపడుతుందా అన్నారు. ఇలాంటి షాపుల్లో రోజూ వచ్చే పనిలో కొత్త డిజైన్ తక్కువ, ఇలా పాత బిల్లు పట్టుకొచ్చి "ఇదే పెట్టండి" అనేవాళ్లు ఎక్కువ. పైన చెప్పిన అంచు లెక్క చదివాక ఫైల్ తెరిచి ఆ 79 నిజంగా వస్తోందో లేదో చూడాలనిపిస్తే నాలుగు రోజులూ దీని మీదే పెట్టండి. అది చదువుతూ విసుగొచ్చి ఉంటే, డిజైన్ కోర్సు ఫీజు కట్టకముందే బ్యాంకు కోచింగ్‌కి వెళ్లడం మేలు. రెంటినీ కలిపి నడపాలని మాత్రం చూడకండి. షాపు పని సాయంత్రాలే ఎక్కువ, ముహూర్తాల సీజన్‌లో రాత్రిళ్లు కూడా.

షాపుకి లేయర్లున్న పీఎస్‌డీ ఒకటి, పారదర్శక పీఎన్‌జీ ఒకటి ఇవ్వండి. అదే పేరుని తెలుపు, ఎరుపు, పసుపు మీద పక్కపక్కన పెట్టిన పేజీ ఒకటి ప్రింటు తీసి పట్టుకెళ్లండి. మీకు అంచు సంగతి తెలుసని అది చూస్తేనే అర్థమవుతుంది. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే జేపెగ్ అయిపోయి పారదర్శకత పోతుంది. ఇంకొక్క మాట, పనిలో చేరాక ఎవరైనా వచ్చి ఇదే పద్ధతిలో ఒక సంతకాన్నో ఆఫీసు గుండ్రటి ముద్రనో కాగితం మీంచి లేపి ఇమ్మంటారు. ఆ సంతకం ఎవరిదో వాళ్లే ఎదురుగా వచ్చి అడిగితే తప్ప ఆ ఫైల్ తెరవకండి.