హాలుకూ వంటగదికీ మధ్య గోడ

ప్రశ్న: అమలాపురంలో మా పాత మేడకు మరమ్మతులు చేయిస్తున్నాం. హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీసేయవచ్చా? మేస్త్రి ఫరవాలేదంటున్నారు.

అయ్యా, తీయకూడదు. మీ ఇంట్లో స్తంభాలు, దూలాలు లేవు. 9 అంగుళాల ఆ గోడే శ్లాబును మోస్తోంది. పై అంతస్తులో సరిగ్గా దాని మీదే ఇంకో గోడ ఉంది. శ్లాబు బరువు, ఆ పై గోడ బరువు రెండూ కలిపితే మీటరుకు సుమారు 3.5 టన్నులు, 4 మీటర్లకు 14 టన్నులు.

అసలు చిక్కు శ్లాబు లోపలే ఉంది. అది గోడకు రెండు వైపులా 3.5 మీటర్ల చొప్పున సాగింది. అలాంటి శ్లాబుకు గోడ మీద లాగుడు పైభాగంలో ఉంటుంది కాబట్టి ప్రధాన ఊచలు అక్కడ పైనే వేస్తారు. గోడ తీస్తే అదే చోటు 7 మీటర్ల శ్లాబుకు నడిమధ్య అవుతుంది. లాగుడు అడుగుకు మారుతుంది, అక్కడ చాలినంత ఇనుము ఉండదు.

ఇనుప దూలం పెడదామని మేస్త్రి అనవచ్చు. అప్పుడు పునాది పొడవునా పరుచుకున్న బరువు ఒక్కో కొన మీద 7 టన్నులుగా దిగుతుంది. మన డెల్టా బంకమట్టి అక్కడ కుంగి, గోడలు ఏటవాలుగా పగులుతాయి. కొనల కింద కొత్త పునాది లేకుండా ఆ పని ఒప్పుకోకండి. 3 అడుగుల దారి చాలంటే మాత్రం, ముందుగా శ్లాబు కింద ఊతంగా పోట్లు పెట్టించి, లింటెల్ వేయిస్తాను.