కిలోకు 30 రూపాయలు ఎక్కువ వస్తే లాభమేనా?

ప్రశ్న: గుంటూరులో ఎండు మిరప వ్యాపారం చేస్తున్నాను. దుబాయ్ నుంచి ఒకరు 10 టన్నులు అడిగారు. మా గోదాము దగ్గరే తీసుకుంటే కిలో 200 రూపాయలు, వాళ్ల గోదాముకు చేర్చితే 230 ఇస్తామంటున్నారు. దేనికి ఒప్పుకోమంటారు సార్?

జవాబు: రెండింటికీ వద్దంటాను. ముందు లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకు వేసినవే, మీ ఏజెంటు ఇచ్చే రేట్లతో సరిచూసుకోండి.

మొదటిది ఎక్స్ వర్క్స్. మీ చేతికి 20 లక్షలు వస్తాయి. సరుకు సిద్ధం చేసి గోదాములో అప్పగించడంతో మీ పని అయిపోతుంది. రెండోది డీఏపీ. హమాలీ, చెన్నై దాకా లారీ, పోర్టు, కస్టమ్స్ ఏజెంటు కలిపి 95 వేలు, ఓడ కిరాయి, బీమా 95 వేలు, దుబాయ్‌లో పోర్టు చార్జీలు, లారీ 90 వేలు. మొత్తం 2 లక్షల 80 వేలు. వాళ్లు అదనంగా ఇచ్చేది 3 లక్షలు కాబట్టి 20 వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ గోదాములో అప్పగిస్తే డబ్బు వెంటనే వచ్చి, అక్కడికి చేర్చితే 45 రోజులకు వస్తుందనుకుందాం. సరుకు 20 లక్షలు, ఖర్చులు కలిపి 22 లక్షల 80 వేలకు ఏడాదికి 12 శాతం చొప్పున ఆ 45 రోజుల వడ్డీ సుమారు 34 వేలు. అంటే 14 వేలు నష్టం.

నష్టభయం దీనికంటే పెద్దది. డీఏపీలో లారీ దుబాయ్ గోదాము ముందు ఆగి, సరుకు దించడానికి సిద్ధమయ్యేదాకా బాధ్యత మీదే. కంటైనరులో చెమ్మ పట్టి కాయకు బూజు వస్తే నష్టం మీకే. ఈ పద్ధతిలో బీమా చేయాలన్న షరతు ఏదీ లేదు, అయినా మీ కోసం మీరు చేయించుకోక తప్పదు. పాలసీలో బూజు నష్టం కలిసిందో లేదో చదివి చూడండి. దిగుమతి సుంకం మాత్రం కొనేవారిదే. అది కూడా మీరే కట్టాలంటే దాన్ని డీడీపీ అంటారు, దానికి ససేమిరా అనండి.

అలాగని ఎక్స్ వర్క్స్ నిశ్చింత కాదు. నిబంధన ప్రకారం లారీకి ఎక్కించడం కొనేవారి పని, కానీ మిర్చి గోదాములో ఎక్కించేది మీ హమాలీలే. టిక్కీ బస్తా జారి చిరిగితే కాగితం మీద నష్టం వాళ్లది, వాళ్లు వేలు చూపించేది మీవైపు. ఎగుమతి క్లియరెన్సు కూడా వాళ్లదే అవుతుంది. ఇక్కడ ఎగుమతి దిగుమతులకు ప్రభుత్వం ఇచ్చే ఐఈసీ నంబరు లేని దుబాయ్ వ్యాపారి కస్టమ్స్‌కు షిప్పింగ్ బిల్లు వేయలేడు కనుక, చివరికి మీ పేరు మీదే వేయమంటాడు. ఎగుమతి ఆధారాలు మీ చేతికి రాకపోతే జీఎస్టీ మినహాయింపు చిక్కుల్లో పడుతుంది.

అందుకే ఎఫ్‌సీఏ అనే పద్ధతి అడగండి. ఎగుమతి క్లియరెన్సు మీరే చేస్తారు, మీ గోదాము దగ్గర వాళ్ల లారీకి మీరే ఎక్కిస్తారు. ఎక్కాక ఖర్చూ నష్టభయమూ వాళ్లవి. హమాలీ, కస్టమ్స్ ఏజెంటు ఖర్చు కలిపి కిలోకు 203 దాకా చెప్పండి. ఒప్పందంలో "ఎఫ్‌సీఏ", గోదాము పూర్తి చిరునామా, ఈ పద్ధతులకు అంతర్జాతీయ నిబంధనలైన "ఇన్‌కోటెర్మ్స్ 2020" అన్నవి మూడూ రాయించండి. డబ్బు ఎప్పుడు చెల్లించాలన్నది ఈ నిబంధనల్లో ఉండదు, దాన్ని విడిగా రాసుకోవాలి.