బిబ్ నంబర్లకన్నా ముందు పుట్టిన తేదీల కాలమ్ చూసుకోండి

"మా కాలనీలో 5కె, 10కె రన్ పెడుతున్నాం. రిజిస్ట్రేషన్ సైట్ నుంచి ఆరు వందల మంది వివరాలు CSV ఫైల్‌గా వచ్చాయి. బిబ్ నంబర్లు, వయసు కేటగిరీలు గూగుల్ షీట్‌లోనే ఇచ్చేయొచ్చా? ఎక్కడ తప్పులు జరుగుతాయి?"

ఇచ్చేయొచ్చండి. మేమూ అలాగే చేశాం. మాకు పెద్ద దెబ్బ తగిలింది మాత్రం పుట్టిన తేదీల దగ్గర.

మా రన్ 2025 అక్టోబర్ 5న. ఒకాయన 03/11/1975 అని రాశారు, అంటే నవంబర్ 3. రన్ రోజుకి ఆయనకి 49 నిండాయి, అంతే. మా షీట్ అమెరికా పద్ధతిలో ఉండటంతో దాన్ని మార్చి 11గా చదివి, 50 ఏళ్లు లెక్కేసి, 50-59 కేటగిరీలో వేసింది. అందులో ఆయనకే ఫస్ట్ వచ్చింది. మైకులో పేరు పిలిచి మెడలో మెడల్ వేశాక ఆయనే "నాకింకా యాభై రాలేదండీ" అన్నారు. నిజంగా ఫస్ట్ రావాల్సినాయన అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. మర్నాడు మెడల్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం.

ఈ తప్పు ఎర్రర్‌గా కనపడదు, అదే దీనితో కష్టం. కానీ గుర్తుపట్టే దారి ఒకటుంది. తేదీల కాలమ్‌ని పై నుంచి కిందకి ఒకసారి చూడండి. కొన్ని సెల్‌కి కుడివైపు, కొన్ని ఎడమవైపు ఆనుకుని ఉంటే తేదీలు తారుమారైనట్టే. 25/11/1975 లాంటివాటికి 25వ నెల లేదు కాబట్టి షీట్ వాటిని మామూలు టెక్స్ట్‌గా వదిలేస్తుంది, అవి ఎడమకి ఉంటాయి. 12లోపు తేదీలను మాత్రం నెలలనుకుని తిప్పేసి కుడికి పెడుతుంది. తర్వాత సెట్టింగ్స్‌లో దేశం ఇండియాగా మార్చినా తిరగబడ్డవి వాటంతట అవి సరికావు. ఫైల్‌ని మళ్లీ ఇంపోర్ట్ చేయాల్సిందే. ఈసారి `Convert text to numbers, dates, and formulas` దగ్గర టిక్ తీసేయండి. అన్నీ టెక్స్ట్‌గానే వస్తాయి. D కాలమ్‌లో అవి ఉంటే, E లో తేదీ, F లో వయసు, G లో కేటగిరీ ఇలా కట్టుకోవచ్చు:

```
E2: =DATE(RIGHT(D2,4), MID(D2,4,2), LEFT(D2,2))
F2: =DATEDIF(E2, DATE(2025,10,5), "Y")
G2: =IFS(F2<18,"U18", F2<35,"18-34", F2<50,"35-49", F2<60,"50-59", TRUE,"60+")
```

మొదటి ఫార్ములా పనిచేయాలంటే తేదీ, నెల రెండేసి అంకెల్లో ఉండాలి. `=LEN(D2)` 10 రాని వరసలను చేత్తో సరిచేసుకోండి. 2025 లోంచి పుట్టిన సంవత్సరం తీసేసి వయసు అనుకోవద్దు. రన్ నాటికి పుట్టినరోజు రానివాళ్లందరికీ ఒక ఏడాది ఎక్కువ పడుతుంది.

తర్వాత వయసు ప్రకారం సార్ట్ చేసి రెండు చివర్లూ చూడండి. ఫారంలో క్యాలెండర్ ముట్టుకోకుండా ఆ రోజు తేదీనే వదిలేసినవాళ్లు సున్నా ఏళ్లతో పైన తేలతారు. వాళ్లకి ఫోన్ చేసి అడగడమే. ఇంకో సంగతి, మనలో చాలామందికి బడిలో వేయించిన తేదీ వేరు, అసలు తేదీ వేరు. గుర్తింపు కార్డులో ఉన్నదే లెక్క అని రిజిస్ట్రేషన్ పేజీలోనే రాసేయండి. పాత ఆధార్ కార్డులు కొన్నిటిలో సంవత్సరం ఒక్కటే ఉంటుంది, అలాంటివాళ్లని ఇంకో కార్డు తెమ్మనండి.

ఇక బిబ్‌లు. 10కె కి 1001 నుంచి, 5కె కి 5001 నుంచి ఇచ్చాం. దూరం ఒక్కటే నంబర్‌లో తెలిస్తే చాలు. వయసు కేటగిరీకి విడిగా సిరీస్ పెట్టకండి, ఎందుకంటే చివరి వారంలో తేదీ సరిచేసిన ప్రతిసారీ అచ్చయిన బిబ్ పనికిరాకుండా పోతుంది. నంబర్‌ని `ROW()` తో పుట్టిస్తే ఆ వెంటనే కాపీ చేసి `Paste special` లో `Values only` గా అతికించండి. లేకపోతే ఎవరో పేర్ల వరసలో సార్ట్ చేయగానే ఒకరి నంబర్ ఇంకొకరికి వెళ్లిపోతుంది.

నంబర్లను ఇంకో షీట్‌లోకి లాగేటప్పుడు మొబైల్ నంబర్ ఆధారంగా `VLOOKUP` చేయొద్దు. మా దగ్గర ఒక ఇంట్లో నలుగురూ ఒకే ఫోన్ నంబర్ ఇచ్చారు. `VLOOKUP` మొదట దొరికిన వరసనే తెస్తుంది కాబట్టి నలుగురికీ నాన్నగారి బిబ్ నంబరే మెసేజ్ వెళ్లింది. సైట్ ఇచ్చే రిజిస్ట్రేషన్ ఐడీ ఒక్కొక్కరికీ వేరుగా ఉంటుంది, దాన్నే వాడండి.

ప్రతి దూరానికీ ఓ ఇరవై ఖాళీ బిబ్‌లు అదనంగా అచ్చు వేయించుకోండి. కౌంటర్‌లో బిబ్ మార్చి ఇస్తే పాత నంబర్, కొత్త నంబర్ రెండూ అక్కడికక్కడే పుస్తకంలో రాయించి, ఆ సాయంత్రమే టైమింగ్ చూసేవాళ్లకి పంపండి. వాళ్ల దగ్గరున్నది మీరు మొదట పంపిన లిస్టే.