పదహారేళ్ల పాపకు ఒక కలం, ఒక కుండెడు సిరా

ప్రియమైన చెల్లికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. పాపకు వచ్చే నెల 23న పదహారేళ్లు నిండుతున్నాయనీ, చేతి గడియారం కొందామంటే వద్దందనీ, గొలుసు అంటే మాట్లాడకుండా లేచి గదిలోకి వెళ్లిపోయిందనీ రాశావు. పోయిన ఏడాది కొనిచ్చిన నలభై ఎనిమిది రంగుల పెట్టె ఇంకా అట్ట విప్పకుండానే ఉందన్న మాట దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను. ఆ పిల్ల రోజూ లెక్కల పుస్తకం చివరి పేజీల్లో బొమ్మలు వేస్తుందని నువ్వే కదా చెప్పావు. బొమ్మలు వేసే పిల్ల రంగులు ఎందుకు ముట్టుకోలేదు?

నా మనవరాలి విషయంలో నాకు అర్థమైన సంగతి చెబుతాను. మెరిసే పెద్ద పెట్టె చేతిలో పెట్టగానే, దానికి తగ్గ బొమ్మ వేసి చూపించాలన్న బరువు కూడా పిల్ల మీద పడుతుంది. సిగ్గరి పిల్లకు అది పరీక్ష కాగితం లాంటిది. లెక్కల పుస్తకం చివరి పేజీని ఎవరూ చూడరు, పాడైతే చించేయవచ్చు. అందుకే ఆమె చేయి అక్కడ ఆడుతుంది. మనం ఇచ్చేది కూడా అలాగే ఉండాలి. చూడటానికి సాదాగా ఉండి, ఒంటరిగా కూర్చుని కెలుక్కోవడానికి వీలుగా, లోపల మాత్రం ఒక వింత దాచుకుని ఉండాలి.

నేను చెప్పేది శ్రీకాళహస్తి పద్ధతి కలంకారీ సరంజామా. బజారులో కొనవద్దు, నువ్వు నీ చేతులతో తయారుచెయ్యి. ఒక కలం, సీసాలో నల్ల సిరా, కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ, చింత బొగ్గు పుల్లలు, అంతే. రంగులు వద్దు. ఎరుపు కావాలంటే పటిక పూయాలి, రంగునిచ్చే చెక్కలతో గుడ్డను ఉడకబెట్టాలి, ఇంకా చాలా పని ఉంది. అవన్నీ ఒకేసారి ఇస్తే మళ్లీ ఆ నలభై ఎనిమిది రంగుల పెట్టె కథే అవుతుంది. మొదట నలుపొక్కటే చాలు.

ఆ నలుపులోనే ఉంది వింత. కలంతో గీత గీసినప్పుడు అది పలచగా, బూడిద రంగులో కనిపిస్తుంది. చూస్తుండగానే నల్లబడుతుంది. గుడ్డలో ఉన్న కరక్కాయ వగరు, సిరాలో ఉన్న ఇనుము కలిసి గుడ్డ మీదే నలుపును పుట్టిస్తాయి. నా మనవరాలు మొదటి గీత గీసి, తప్పు జరిగిందనుకుని కలం పక్కన పెట్టేసింది. కొద్దిసేపటికి తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు ఏ గొలుసు ఇచ్చినా నాకు దొరికేది కాదు.

ఇక పని సంగతి. ముందు సిరా, ఎందుకంటే దానికి మూడు వారాలు పడుతుంది. దాన్ని కసిం అంటారు. పావు కిలో తుప్పు పట్టిన మేకులు సంపాదించు. కొత్త మేకులకు నూనె, పూత ఉంటాయి, అవి పనికిరావు. ఇల్లు కట్టేచోట అడిగితే పాతవి ఇస్తారు. వాటిని ఒకసారి కడిగి మట్టికుండలో వేసి, రెండు లీటర్ల నీళ్లు, నూరు గ్రాముల బెల్లం, యాభై గ్రాముల తాటిబెల్లం కలుపు. ఇది నా కొలత, ఒక్కొక్కరి చేతిలో కొంచెం మారుతుంది. కుండ మూతికి పలుచటి గుడ్డ కట్టు. బిగుతుగా మూత పెట్టవద్దు, పులిసేటప్పుడు గాలి పుడుతుంది. బెల్లం నీళ్లు పులిసి పుల్లబడ్డాక ఇనుమును మెల్లగా కరిగించుకుంటాయి. మొదటి వారం నురుగు వస్తుంది, పులిసిన వాసన వేస్తుంది. వంటింట్లో కాకుండా పెరట్లో నీడన పెట్టు. రెండు రోజులకొకసారి కర్రతో కలుపు.

సిరా తయారైందో లేదో వాసన చూసి తేల్చుకోలేము. కరక్కాయ పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ ముక్క మీద ఒక చుక్క వెయ్యి. కొన్ని నిమిషాల్లో చిక్కటి నలుపు వస్తే సిద్ధమైనట్టే. బూడిద రంగు దగ్గరే ఆగిపోతే ఇంకో నాలుగు రోజులు ఆగు. అదే చుక్క మామూలు గుడ్డ మీద వేస్తే తుప్పు మరకలాగే మిగులుతుంది, నల్లబడదు. ఈ రెండు ముక్కలనూ పారేయకుండా పక్కపక్కన కుట్టి కానుకతో పాటు పెట్టు. ఎందుకిలా జరిగిందని ఆ పిల్ల తనంతట తానే తలబద్దలు కొట్టుకోవాలి. చివరికి వడగట్టి గాజు సీసాలో పోయి.

తర్వాత గుడ్డ. మీటరు కోరా నూలు గుడ్డ కొను, తెల్లగా చలువ చేసినది వద్దు. గంజి పూర్తిగా పోవాలి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున గట్టిగా బాది ఉతికి ఆరబెట్టు. గంజి పోయిందో లేదో తెలియాలంటే ఒక నీటి చుక్క వేసి చూడు. వెంటనే ఇంకిపోవాలి, పైన ముత్యంలా నిలిస్తే మళ్లీ ఉతకాలి. తర్వాత యాభై గ్రాముల కరక్కాయ పొడిని అర లీటరు నీళ్లలో కలిపి వడగట్టి, అందులో అర లీటరు పచ్చి గేదె పాలు పోయి. పాలు కాచవద్దు. ఆవు పాలకంటే గేదె పాలలో వెన్న ఎక్కువ, ఆ జిడ్డే సిరాను పక్కకు పాకకుండా పట్టి ఉంచుతుంది. గుడ్డను అందులో ఇరవై నిమిషాలు ముంచి, ప్రతి మడతకూ పాలు అందేలా పిసుకు. తీసి సమానంగా పిండి ఎండలో పరుచు. నేను మొదటిసారి తొందరపడి ఒక మూల సరిగా పిండలేదు. అక్కడ పాలు పేరుకుని మరక కట్టింది, సిరా కూడా ఆ మూల వేరే రంగుగా కనిపించింది. బాగా ఎండకపోతే పాల వాసన వదలదు, పురుగు పడుతుంది. కాబట్టి మబ్బు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. ఎండిన గుడ్డ లేత పసుపు రంగుకు తిరుగుతుంది. దాన్ని ఒకే ముక్కగా ఇవ్వకు. జానెడు చదరాలుగా అయిదారు కత్తిరించి, మిగిలినది మాత్రం పెద్దదిగా ఉంచు. చిన్న ముక్క పాడైనా మనసు కష్టపడదు. పెద్ద ముక్క మీద ఎప్పుడు గీయాలో తనే నిర్ణయించుకుంటుంది.

కలం చేయడం తేలిక. జానెడు పొడవు, పెన్సిలంత లావు వెదురు పుల్ల తీసుకుని ఒక చివర సన్నగా చెక్కు. మొన నుంచి అంగుళం పైన ఉన్ని గానీ పాత నూలు గుడ్డ పీలిక గానీ చిన్న నిమ్మకాయంత ఉండగా చుట్టి, నూలు దారంతో గట్టిగా బిగించు. ఆ ఉండ సిరాను తాగి పట్టుకుంటుంది. వేళ్లతో మెత్తగా నొక్కితే మొన మీదికి సిరా దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, తక్కువైతే గీత తెగుతుంది. ఒక కలం సన్నటి మొనతో, ఇంకొకటి మొద్దు మొనతో చెయ్యి. రెండోది నలుపు నింపడానికి. చింత కొమ్మల పుల్లలను మూత ఉన్న డబ్బాలో పెట్టి, మూతకు చిన్న రంధ్రం చేసి నిప్పుల మీద ఉంచితే బొగ్గు పుల్లలవుతాయి. రంధ్రం నుంచి పొగ ఆగిపోయాక దించి, చల్లారిన తర్వాతే తెరువు. వేడిగా తెరిస్తే గాలి తగిలి బూడిదవుతాయి. ఆ బొగ్గుతో వేసిన గీత దులిపితే పోతుంది కనుక పిల్లకు ధైర్యంగా ఉంటుంది.

ఒక చిన్న కాగితం మీద నీ చేతిరాతతో మూడు మాటలు రాసి పెట్టు. గీసిన గుడ్డను పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత ధారాళంగా పారే నీళ్లలో కడగాలి. బకెట్లో ముంచితే వదిలిన సిరా మిగతా గుడ్డంతా మురికి చేస్తుంది. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి నీళ్లలో గుడ్డలు కడిగేది ఇందుకే. మనకు కుళాయి ధార చాలు. రెండో మాట, సిరా మంచి బట్టల మీద పడితే పోదు, పాత చొక్కా వేసుకోవాలి. నిమ్మరసం తగిలితే ఈ నలుపు వెలిసిపోతుంది, అది మూడోది. నా మనవరాలు ఆ మూడో మాట చదివి, నల్లగా నింపిన గుడ్డ మీద నిమ్మకాయ ముక్కతో తెల్ల చుక్కలు పెట్టుకుంది. నేను చెప్పింది జాగ్రత్త కోసం, ఆ పిల్ల దాన్ని పనిముట్టు చేసుకుంది. ఒక్క హెచ్చరిక నీకు మాత్రం. సిరా మరీ చిక్కగా పెట్టవద్దు, ఇనుము ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ గీత ఉన్నచోట గుడ్డ చివికిపోతుంది.

ఇచ్చే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. పుట్టినరోజున చుట్టాలందరి ముందు నా మనవరాలి చేత మూట విప్పించాను. తర్వాత వారం ఆమె వేసిన మొదటి నెమలిని వచ్చినవాళ్లకల్లా చూపించాను. వాళ్లు మెచ్చుకున్నారు, నిజమే. కానీ ఆ తర్వాత నాలుగు నెలలు ఆ పిల్ల కలం ముట్టలేదు. నువ్వు అలా చేయకు. ముందు రోజు సాయంత్రం పాత నూలు చీర ముక్కలో మూటకట్టి ఆమె బల్ల పక్కన పెట్టి వచ్చేయి. ఏం వేశావని అడగకు. హాల్లో తగిలించకు, ఫోనులో ఎవరికీ పంపకు. తను తెచ్చి చూపిస్తే, ఎలా ఉందో చెప్పేకంటే ఈ గీత ఇంత సన్నగా ఎలా వచ్చిందని అడుగు. అలా అడిగితే సిగ్గరి పిల్ల కూడా పది నిమిషాలు మాట్లాడుతుంది.

సెలవుల్లో తన నోటితో అడిగితే శ్రీకాళహస్తికి తీసుకెళ్లు. తిరుపతి నుంచి బస్సులో గంటకు అటూ ఇటూగా పడుతుంది. సన్నగిల్లిపోయిన ఈ విద్యకు, హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనుకుని మళ్లీ ఊపిరి పోశారు, ఇప్పుడక్కడ ఇళ్లలోనే పని చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. దారిలో దుకాణాల్లో కలంకారీ పేరుతో అమ్మే గుడ్డలను చూసి పొరబడకండి. ఒకే పువ్వు వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే అది చేత్తో గీసింది కాదు. పెడన అచ్చుల పని కూడా గొప్పదే, కానీ అది చెక్క అచ్చులతో అద్దేది, దారి వేరు.

ఒకవేళ మన పాప బొమ్మలకంటే రాతల మీద ఎక్కువ మనసు పెట్టేదైతే ఈ ఉత్తరం పక్కన పెట్టేయి. లెక్కల పుస్తకం చివరి పేజీలు ఒకసారి తెరిచి చూడు. బొమ్మలు ఎక్కువున్నాయా, మాటలు ఎక్కువున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది. ఎలా ఉన్న పుస్తకాన్ని అలాగే పెట్టేయి, నువ్వు చూసినట్టు తెలియనివ్వకు.

బొమ్మలే అయితే ఈ ఆదివారమే కుండ పెట్టాలి, ఇంకా ఆలస్యమైతే 23వ తేదీకి సిరా సిద్ధం కాదు. కరక్కాయ పొడి మీ ఊళ్లో మూలికల కొట్లో దొరుకుతుంది. దొరకకపోతే ఫోను చెయ్యి, ఇక్కడి నుంచి పంపుతాను. నా దగ్గరున్న పాత కలం ఒకటి, మొన అరిగినదే, ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఉండ ఎంత బిగించాలో అది చూసి చుట్టు.

మీ అక్క