మాక్యుమెంటరీలో ఇంటర్వ్యూకు నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

"మాక్యుమెంటరీ షార్ట్ ఫిల్మ్ రాస్తున్నా. ఇంటర్వ్యూలు రాస్తే జోకులు చెప్పినట్టే ఉంటున్నాయి, తీసేస్తే ఏమీ మిగలట్లేదు. ఏం చేయాలి?"

మాక్యుమెంటరీ అంటే నిజం డాక్యుమెంటరీలా తీసిన కల్పిత కథ కాబట్టి, ఇంటర్వ్యూలో జోకు పెట్టకండి. అక్కడ మనిషి తాను నమ్మేది చెప్పాలి, వెంటనే వచ్చే సీను దాన్ని తప్పని చూపించాలి. నవ్వు ఆ రెండింటి మధ్య కట్‌లో ఉంటుంది.

హన్మకొండలో మేం ఎనిమిది నిమిషాల ఫిల్మ్ తీశాం, ఒక ఫ్లెక్సీ షాపు మీద. సీను ఇది: ఒక కుర్రాడు తాత దశదినకర్మ ఫ్లెక్సీ కోసం వస్తాడు, విప్పి చూస్తే తాత ఫొటో కింద "పుట్టినరోజు శుభాకాంక్షలు" అని ఉంటుంది. మొదట ఓనర్ ఇంటర్వ్యూను ఈ సీను తర్వాత పెట్టాం, పొరపాటు ఎలా జరిగిందో చెప్పించాం. చూపించిన పది మందిలో ఒక్కరూ నవ్వలేదు, ఎందుకంటే వాళ్లు అప్పటికే చూసిందాన్ని మళ్లీ వివరిస్తున్నాం. రెండోసారి ఇంటర్వ్యూ ముందుకు జరిపి ఇంతే ఉంచాం:

"పన్నెండేండ్లు అయితుంది సార్, మా దగ్గర అచ్చుతప్పు అన్నదే లేదు. చావు ఫ్లెక్సీ అయితే నేనే కూసొని చూసుకుంట."

కట్. కుర్రాడు ఫ్లెక్సీ విప్పుతాడు.

ఇక్కడ మౌనాన్ని కూడా స్క్రిప్టులో రాయాలి. "ఇబ్బందిగా చూస్తారు" అని రాస్తే నటులు కళ్లు తిప్పుతారు, మూతి విరుస్తారు, అంతా పోతుంది. మేం "నాలుగు సెకన్లు ఎవరూ కదలరు, ప్రింటర్ నడుస్తూనే ఉంటుంది" అని రాశాం. ఆ ప్రింటర్ చప్పుడు చాలా పని చేసింది, అది లేకపోతే సౌండ్ పోయిందేమో అనుకుంటారు.

కెమెరా వైపు చూపు విషయంలో పొదుపుగా ఉండండి. దొరికిపోయిన మనిషే చూడాలి, అదీ దొరికిన క్షణంలోనే. మా మొదటి డ్రాఫ్టులో ప్రతి సీనులోనూ ఎవరో ఒకరు చూసేవారు, దాంతో కెమెరా వాళ్లు అక్కడ నిజంగా ఉన్నారన్న నమ్మకమే పోయింది. చివరికి మొత్తం ఫిల్మ్‌లో మూడే ఉంచాం.

ఓనర్ పాత్ర వేసినాయన నవ్వించాలని గొంతు మార్చేవాడు. అందుకే డైలాగు పేపరు తీసేసి, కెమెరా వెనక నుంచి నిజంగా ప్రశ్నలు అడిగాను, షాపు అద్దె ఎంత, కరెంటు బిల్లు ఎంత అని. పావుగంటకు ఆయన మామూలు మనిషిలా మాట్లాడటం మొదలుపెట్టాడు, అప్పుడు అసలు ప్రశ్న అడిగాం. ఎడిటింగ్‌లో ప్రశ్నలు తీసేస్తాం కాబట్టి జవాబు పూర్తి వాక్యంగా రావాలని మాత్రం ముందే చెప్పాలి.

సీనును క్షమాపణతో ముగించకండి, బిగువు సడలిపోతుంది. మా సీను ఇలా ఆగుతుంది:

"అన్నా, మా తాత సచ్చిపోయిండు."

(నాలుగు సెకన్లు.)

"కలర్లు అయితే మంచిగ వచ్చినయి తమ్మీ."